బ్యాంకులో ఉన్నదంతా సంఘం డబ్బు కాదు: ట్రస్టు లెక్కల్లో షరతు నిధులు, సాధారణ నిధులు

"బ్యాంకులో పదమూడు లక్షలు పెట్టుకుని ఆఫీసు అద్దె రెండు నెలలు బాకీ ఉందంటారేంటన్నా?" బస్తీల్లో, వాడల్లో పనిచేసే ట్రస్టులు, సొసైటీల సర్వసభ్య సమావేశాల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ప్రశ్నలో తప్పు లేదు. జవాబు మాత్రం చాలామంది కార్యదర్శుల దగ్గర ఉండదు. ఆ పదమూడు లక్షల్లో అద్దెకు వాడుకోదగ్గది ఎంతో వాళ్ల లెక్కల పుస్తకమే చెప్పదు కాబట్టి.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదకరం. డబ్బుంది కదా అని అద్దె కట్టేస్తారు, జీతాలిచ్చేస్తారు. ఆరు నెలల తర్వాత డబ్బిచ్చిన సంస్థ లెక్క అడిగితే లక్షన్నర కనబడదు. ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు, ఎవరూ బంగారం కొనుక్కోలేదు. అయినా ఒకరు ఒక పనికి ఇచ్చిన డబ్బు ఇంకో పనికి పోయింది. భారతీయ న్యాయ సంహిత 316 సెక్షన్ కింద నమ్మకద్రోహం నేరం రుజువు కావాలంటే దురుద్దేశం చూపాలి. కానీ "తినేశారు" అనే మాట ఊళ్లో తిరగడానికి ఏ రుజువూ అక్కర్లేదు. పెద్ద కులాల వాళ్లు నడిపే సంస్థలో లెక్క తప్పితే అకౌంటెంటు పొరపాటు అంటారు. మనవాళ్లు నడిపే సంస్థలో తప్పితే ఏమంటారో అందరికీ తెలుసు. అందుకే ఈ లెక్కను ఆడిటర్‌కి వదిలేయకుండా కమిటీ సభ్యులే చదవడం నేర్చుకోవాలి.

నిధి అంటే ఇక్కడ బ్యాంకు ఖాతా కాదు. ఒకే బ్యాంకు ఖాతాలో ఐదు నిధులు ఉండొచ్చు. నిధి అంటే "ఈ డబ్బు దేనికోసం" అనే ప్రశ్నకు జవాబుగా పుస్తకంలో పెట్టుకున్న గది. డబ్బిచ్చినవారు "ఇది ఫలానా పనికే" అని చెప్పి ఇస్తే, లేదా మనమే "ఫలానా పనికి" అని అడిగి తీసుకుంటే, అది షరతు నిధి. లెక్కల భాషలో రిస్ట్రిక్టెడ్ ఫండ్. ఏ పనికీ ముడిపెట్టకుండా వచ్చిన చందాలు, సభ్యత్వ రుసుములు, సంస్థ సొంతంగా సంపాదించుకున్నది సాధారణ నిధి. అదే అన్‌రిస్ట్రిక్టెడ్ ఫండ్. సంస్థ ఆశయాల పరిధిలో దాన్ని దేనికైనా వాడుకోవచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ లాభాపేక్ష లేని సంస్థల కోసం రాసిన టెక్నికల్ గైడ్ కూడా నిధులను ఇలాగే విడదీస్తుంది.

షరతు పెట్టే హక్కు ఇచ్చేవారిది. పుచ్చుకున్న కమిటీది కాదు. కమిటీ సమావేశంలో "లక్ష రూపాయలు భవనం మరమ్మతుకు పక్కన పెడదాం" అని తీర్మానం చేస్తే అది షరతు నిధి అయిపోదు. దాన్ని కేటాయింపు నిధి అంటారు. పేరు ఎంత గంభీరంగా ఉన్నా అది సాధారణ నిధిలో భాగమే. వచ్చే నెల ఇంకో తీర్మానంతో దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ట్యూషన్ల కోసం కంపెనీ ఇచ్చిన డబ్బును మాత్రం కమిటీ మొత్తం ఏకగ్రీవంగా చేతులెత్తినా వేరే పనికి మార్చలేదు. ఇచ్చినవారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కార్పస్ విషయమూ అంతే. "ఇది మూలధనంగా ఉంచండి" అని దాత స్పష్టంగా చెప్తేనే ఆదాయ పన్ను లెక్కలో అది కార్పస్ విరాళం అవుతుంది. ఏడాది చివర మిగిలిన చందాలకు మనమే కార్పస్ అని పేరు పెట్టుకుంటే కుదరదు.

ఇక అంకెల్లోకి వెళ్దాం. ఒక చిన్న ట్రస్టును ఊహించుకోండి. 2024 ఏప్రిల్ 1న దాని చేతిలో 4,00,000 రూపాయలు ఉన్నాయి. అంతా సాధారణ నిధే. ఆ ఏడాది అక్టోబరులో ఒక కంపెనీ తన సీఎస్ఆర్ కింద ఆడపిల్లల సాయంత్రం ట్యూషన్ కేంద్రాల కోసం 18,00,000 ఇచ్చింది. పని 18 నెలలు, అంటే 2026 మార్చి దాకా. మార్చి 31, 2025 నాటికి అందులో 7,00,000 ఖర్చయింది. ఈలోగా ఒక ఊళ్లో కులదాడికి గురైన కుటుంబం కోర్టు ఖర్చుల కోసం ట్రస్టు చందాలు అడిగింది. 3,20,000 వచ్చాయి. లాయర్ల ప్రయాణాలకు, నకళ్లకు, సాక్షులను కోర్టుకు తీసుకెళ్లడానికి 1,90,000 అయ్యాయి. మామూలు చందాలు, సభ్యత్వాలు కలిపి 5,00,000 వచ్చాయి. అద్దె, అకౌంటెంటు జీతం, కరెంటు, ఫోన్లు, జయంతి సభ, ఆడిట్ ఫీజు అన్నీ కలిపి సాధారణ ఖర్చు 7,60,000.

ఈ మొత్తాన్ని ఒకే వరసలో రాస్తే వచ్చింది 26,20,000, ఖర్చు 16,50,000, మిగులు 9,70,000. కార్యదర్శి నివేదిక చదువుతాడు, చప్పట్లు మోగుతాయి. ఇప్పుడు అవే అంకెలను నిధుల వారీగా విడదీయండి.

| | సాధారణ నిధి | ట్యూషన్ నిధి | న్యాయసహాయ నిధి | మొత్తం |
|---|---|---|---|---|
| 1-4-2024 నిల్వ | 4,00,000 | 0 | 0 | 4,00,000 |
| వచ్చింది | 5,00,000 | 18,00,000 | 3,20,000 | 26,20,000 |
| ఖర్చు | 7,60,000 | 7,00,000 | 1,90,000 | 16,50,000 |
| ఏడాది తేడా | −2,60,000 | 11,00,000 | 1,30,000 | 9,70,000 |
| 31-3-2025 నిల్వ | 1,40,000 | 11,00,000 | 1,30,000 | 13,70,000 |

చివరి నిలువు వరసలో 9,70,000 మిగులు అలాగే ఉంది. మొదటి నిలువు వరసలో మాత్రం సంస్థ ఆ ఏడాది 2,60,000 నష్టపోయింది. మొత్తం మిగులు అంటున్నది ఇంకా చేయాల్సిన ట్యూషన్ పని, ఇంకా నడవాల్సిన కోర్టు కేసు. అది సంస్థ సంపాదన కాదు, సంస్థ మీదున్న బాధ్యత. సంస్థ సొంతమని చెప్పుకోగలిగింది 1,40,000 మాత్రమే. నెలకు దాదాపు 63,000 సాధారణ ఖర్చున్న ట్రస్టుకి అది రెండు నెలలకు కాస్త ఎక్కువ, అంతే.

ఆదాయ వ్యయాల ఖాతాలో దీన్ని చూపడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. రెండు సంస్థల లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లు ఇక్కడే తికమకపడతారు కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

మన దేశంలో ఎక్కువగా కనబడే పద్ధతిలో షరతుతో వచ్చిన డబ్బును రాగానే ఆదాయంగా రాయరు. 18,00,000 నేరుగా బ్యాలెన్స్ షీట్‌లో ట్యూషన్ నిధి కింద జమ అవుతుంది. 7,00,000 ఖర్చయ్యాక అంతే మొత్తాన్ని ఆ నిధి నుంచి తీసి ఆదాయంగా చూపుతారు. ఆదాయం ఏడు లక్షలు, ఖర్చు ఏడు లక్షలు, తేడా సున్నా. న్యాయసహాయ నిధికీ అంతే: ఆదాయం 1,90,000, ఖర్చు 1,90,000. అప్పుడు ఖాతాలో మొత్తం ఆదాయం 13,90,000, ఖర్చు 16,50,000, లోటు 2,60,000. పైపట్టికలో సాధారణ నిధి కింద కనబడిన లోటే ఇక్కడ సంస్థ లోటుగా నేరుగా బయటపడుతుంది. ఖర్చు కాని 11,00,000, 1,30,000 బ్యాలెన్స్ షీట్‌లో నిధుల కింద నిల్వగా కూర్చుంటాయి.

రెండో పద్ధతిలో వచ్చిన మొత్తాన్నీ, అంటే 26,20,000నీ, ఆ ఏడాది ఆదాయంగానే చూపుతారు. కానీ సాధారణ, షరతు అని రెండు నిలువు వరసలు విడిగా వేస్తారు. బ్రిటన్‌లో ఛారిటీల లెక్కలు ఈ తీరులో ఉంటాయి. అమెరికాలో 2016లో మార్చిన ప్రమాణం ప్రకారం దాత షరతులు ఉన్నవి, లేనివి అని రెండే తరగతులు. అక్కడి మన సంఘాల వార్షిక నివేదికలు చదివేవాళ్లు మొత్తం వరసను వదిలేసి, షరతులు లేని వరసలో చివరి అంకె మీద వేలు పెట్టాలి. ఏ పద్ధతి మంచిదన్న వాదన అకౌంటెంట్లకు వదిలేద్దాం. నా మటుకు చిన్న సంస్థలకు మొదటిదే మేలు. ఇంకా చేయని పనికి వచ్చిన డబ్బు "మిగులు" అనే పేరుతో ఎక్కడా కనబడదు. ఎటొచ్చీ మొత్తం ఆదాయంగా రాసి వరసలు మాత్రం విడదీయని మూడో రకం ఉంది. అది పద్ధతి కాదు. మన ఊళ్లలో ఎక్కువ గొడవలు దాని దగ్గరే మొదలవుతాయి.

బ్యాలెన్స్ షీట్‌లో ఇదే ట్రస్టు ఇలా కనబడాలి. ఒక వైపు బ్యాంకు నిల్వ 13,70,000. రెండో వైపు సాధారణ నిధి 1,40,000, షరతు నిధులు 12,30,000. ఆ 12,30,000 కింద షెడ్యూలులో ట్యూషన్, న్యాయసహాయం విడివిడిగా ఉండాలి. చాలా బ్యాలెన్స్ షీట్లలో ఈ రెండో వైపు "జనరల్ ఫండ్ 13,70,000" అని ఒకే గీతతో ముగుస్తుంది. అలాంటి కాగితం మీద ఆడిటర్ సంతకం ఉన్నా కమిటీ సభ్యులు సంతకం పెట్టే ముందు షెడ్యూలు అడగాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎలా వస్తుందో చూద్దాం. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఆరు నెలలు. మామూలు చందాలు ఈసారి 80,000 మాత్రమే వచ్చాయి. సాధారణ ఖర్చు మాత్రం ఆగదు కదా, 3,80,000 అయింది. ట్యూషన్ కేంద్రాలకు 6,50,000, కేసు ఖర్చులకు 30,000 పోయాయి. ఈ ఆరు నెలల్లో ఒక్క చెక్కూ బౌన్స్ కాలేదు. ఎవరి జీతమూ ఆగలేదు. సెప్టెంబరు 30న బ్యాంకులో 3,90,000 ఉన్నాయి. అంతా సజావుగా ఉన్నట్టే కనబడుతుంది.

ట్యూషన్ నిధిలో ఎంత ఉండాలి? 11,00,000 లోంచి 6,50,000 తీస్తే 4,50,000. న్యాయసహాయ నిధిలో 1,30,000 లోంచి 30,000 పోతే 1,00,000. రెండూ కలిపి 5,50,000 ఉండాలి. బ్యాంకులో ఉన్నది 3,90,000. తేడా 1,60,000. సాధారణ నిధి లెక్క వేసినా అదే తేలుతుంది: 1,40,000కి 80,000 కలిపి 3,80,000 తీసేస్తే మైనస్ 1,60,000. బ్యాంకు ఖాతా ఎప్పుడూ మైనస్‌లోకి వెళ్లలేదు. సాధారణ నిధి మాత్రం ఎప్పుడో వెళ్లిపోయింది. పిల్లల ట్యూషన్ డబ్బుతో అద్దె కట్టారు, ఎవరికీ తెలియకుండానే.

కమిటీ ప్రతి నెలా చేయాల్సిన పరీక్ష ఇదే. బ్యాంకులో, చేతిలో ఉన్న డబ్బుకి ఖాయంగా రావాల్సినది కలపండి, బయట కట్టాల్సిన బాకీలు తీసేయండి. మిగిలింది షరతు నిధుల నిల్వల మొత్తం కంటే తక్కువ ఉంటే సంస్థ ఇతరుల డబ్బు వాడేసుకుంటోందని అర్థం. అరగంట పని. సంస్థ పేరు మీద ఎన్ని ఖాతాలున్నా ఈ పరీక్ష పనిచేస్తుంది. ప్రతి గ్రాంటుకూ విడిగా బ్యాంకు ఖాతా తెరవడం కొందరికి నచ్చుతుంది, కొందరు దాతలు అడుగుతారు కూడా. మంచిదే. కానీ వోచరు మీద నిధి పేరు రాయని సంస్థకు పది ఖాతాలున్నా లెక్క తేలదు. టాలీ వాడేవాళ్లు ప్రతి నిధికీ ఒక కాస్ట్ సెంటర్ పెట్టుకుంటే నిధుల వారీ నివేదిక దానంతటదే వస్తుంది. నోటుపుస్తకంతో నడిపేవాళ్లు ప్రతి రశీదు మీదా, వోచరు మీదా "సా", "ట్యూ", "న్యా" అని ఒక అక్షరం రాసి, నెలాఖరున మూడు కుప్పలు పోసి కూడినా సరిపోతుంది.

లోటు కనబడ్డాక ఏం చేయాలి? మొదట చేయకూడనిది చెప్తాను. ఆఫీసు అద్దె వోచర్లను తీసి వెనక తేదీలతో "ట్యూషన్ కేంద్రం అద్దె" అని మార్చడం. ఇది తరచూ జరుగుతుంది. దొరికిపోవడమూ తరచూ జరుగుతుంది. ఆఫీసు యజమానికీ కేంద్రం యజమానికీ రశీదుల్లో పేర్లు కలవవు. కేంద్రం ఇంకా తెరవని ఆగస్టు నెలకి అద్దె కనబడుతుంది. అప్పటిదాకా లోటు మాత్రమే ఉన్నచోట ఇప్పుడు దొంగ కాగితం చేరుతుంది. దురుద్దేశం రుజువు కావాలన్న మాట గుర్తుందా? ఆ రుజువును మన చేతులతో మనమే రాసిపెట్టినట్టు.

చేయాల్సింది పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చూపడం. సాధారణ నిధి ట్యూషన్ నిధికి 1,60,000 బాకీ అని రాయాలి. కమిటీ మినిట్స్‌లోకి ఎక్కాలి, తీర్చే తేదీతో సహా. తర్వాత కంపెనీకి రాయాలి. కమిటీ తీర్మానం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఆ డబ్బు మీద షరతు కమిటీది కాదు. చాలామంది దాతలు ఉత్తరం ముందే వస్తే వింటారు. ఖర్చుల ధ్రువపత్రం అడిగిన రోజు చెప్తే వినరు.

ఈ లోటు ఎందుకొచ్చిందో కూడా చూడాలి. మన ట్రస్టులో అకౌంటెంటు జీతం నెలకు 18,000, ఆఫీసు అద్దె 12,000 అనుకుందాం. ట్యూషన్ పని మొదలైనప్పటి నుంచి అకౌంటెంటు సగం సమయం దానికే పోతోంది. ఆఫీసులో మూడో వంతు చోటు పుస్తకాలు, బ్యాగులు, ట్యూషన్ సమన్వయకర్త బల్ల ఆక్రమించాయి. అంటే నెలకు 9,000, 4,000 కలిపి 13,000 రూపాయల సాధారణ ఖర్చు నిజానికి ట్యూషన్ పని ఖర్చే. 2024 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు వరకు 12 నెలలకు 1,56,000. ఈ మొత్తం గ్రాంటులో ఉండి ఉంటే సెప్టెంబరు 30 నాటి లోటు 1,60,000 కాదు, 4,000 అయ్యేది. పద్దెనిమిది నెలలకు 2,34,000 అవుతుంది. కంపెనీని అడగాల్సింది 18,00,000 కాదు, 20,34,000.

ఎందుకు అడగలేదు? భయం. "ఆఫీసు ఖర్చులు అడిగితే గ్రాంటే ఇవ్వరు" అనే భయం. దానికి తోడు ఒక అపోహ. సీఎస్ఆర్ నిబంధనల్లో పరిపాలన ఖర్చులకు 5 శాతం పరిమితి ఉందని, అది తమకే వర్తిస్తుందని ట్రస్టులు అనుకుంటాయి. కొన్నిచోట్ల కంపెనీ ప్రతినిధులే అలా చెప్తారు. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సొంత ఖర్చుకు సంబంధించింది. పని చేసే సంస్థకు ఆ పనిలో నేరుగా అయ్యే ఖర్చు మీద కాదు. అకౌంటెంటు సమయంలో సగం అని రాస్తే ఆ సగానికి ఆధారం ఉండాలి, అంతే. రోజూ ఎన్ని గంటలు ఏ పని మీద పెట్టారో రాసిన ఒక పట్టీ, అద్దె పంచిన కొలతకి ఒక కాగితం. అదీ ఒప్పందానికి ముందు బడ్జెట్‌లో చూపాలి. డబ్బు అయిపోయాక పంచుకోవడం మొదలుపెడితే అది వెనక తేదీల వోచర్ల వరసలోకే వస్తుంది.

కుటుంబం కోసం వసూలు చేసిన 3,20,000 గురించి విడిగా చెప్పాలి. దీనికి ఒప్పందం లేదు, సంతకాలు లేవు, కాబట్టి షరతు కూడా లేదనుకుంటారు. షరతు ఉంది. మనం వాట్సాప్‌లో పంపిన విజ్ఞప్తే ఆ షరతు. "ఈ కుటుంబం కోర్టు ఖర్చులకు" అని అడిగి తీసుకున్న ప్రతి రూపాయీ దానికి ముడిపడే ఉంటుంది, వంద రూపాయలిచ్చిన కూలి మనిషిదైనా సరే. కేసు ముగిశాక డబ్బు మిగిలితే? విజ్ఞప్తిలో "మిగిలితే ఇలాంటి ఇతర కేసుల న్యాయసహాయానికి వాడతాం" అని ఒక్క వాక్యం ఉంటే దారి తేలిక. లేకపోతే ఇచ్చినవాళ్లను అడగాలి, లేదా ఆ కుటుంబానికే అందించాలి. సాధారణ నిధిలో కలిపేసుకోవడం మాత్రం కుదరదు. ఇంకో జాగ్రత్త: నాయకుడి సొంత ఫోన్ నంబరుకి యూపీఐలో పంపమనడం. ఆ డబ్బు ఆయన ఇంటి ఖర్చులతో కలిసిపోతుంది. నిజాయితీపరుడైనా తర్వాత విడదీసి చూపలేడు, సంస్థ పుస్తకాల్లో ఆ వసూళ్లకు ఆనవాలు ఉండదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల కింద ప్రభుత్వం ఇచ్చే సహాయ మొత్తం సంగతి వేరు. అది బాధితులకు నేరుగా చేరాల్సింది. సంస్థ ఖాతా గుండా పోకూడదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చందా పంపుతామంటారు. ఇక్కడ షరతు పెట్టేది దాత కాదు, చట్టం. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు విదేశంలో ఉన్నా సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే, మన ఊరి పేరే ఇంటి పేరైనా సరే. ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. అనుమతి ఉన్న సంస్థ కూడా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత దారి అదొక్కటే. ఆ డబ్బుకు పుస్తకాలు విడిగా ఉండాలి. దాని మీద వచ్చే వడ్డీ కూడా విదేశీ విరాళమే. ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. "దేనికైనా వాడుకోండి" అని దాత రాసిచ్చినా ఈ కంచె తొలగదు. పైన చెప్పుకున్న 1,60,000 లోటు ఇలాంటి నిధిలో వచ్చి ఉంటే దాతకు ఉత్తరం రాసి సర్దుకునే వీలు లేదు. స్థానిక చందాల ఖర్చుకు విదేశీ విరాళం ఒక్కరోజు బదులివ్వడమూ ఉల్లంఘనే, అనుమతి రద్దు దాకా పోయే సంగతి.

మన ఉదాహరణలో ట్యూషన్ ఖర్చంతా జీతాలు, అద్దెలు, పుస్తకాలే అనుకున్నాం. దానితో ల్యాప్‌టాప్‌లు కొంటే లెక్క ఇంకొంచెం మారుతుంది. కంపెనీకిచ్చే ఖర్చుల నివేదికలో వాటి ధర మొత్తం ఖర్చయినట్టే చూపుతారు, బ్యాంకులోంచి డబ్బు పోయింది కాబట్టి. బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం ల్యాప్‌టాప్‌లు ఆస్తిగా ఉంటాయి, ఎదురుగా అంతే మొత్తం ఆస్తుల నిధిగా ఉంటుంది. ఏటా తరుగుదలతో రెండూ కలిసి తగ్గుతాయి. అందువల్ల నిధుల మొత్తం బ్యాంకు నిల్వ కంటే ఎక్కువ కనబడినంత మాత్రాన డబ్బు పోయిందని తీర్మానించకూడదు. నెలవారీ పరీక్షలో ఆస్తుల నిధిని పక్కన పెట్టి, ఇంకా ఖర్చు కావాల్సిన షరతు నిధులనే బ్యాంకుతో పోల్చాలి.

ఇక మీ చేతికి ఏ సంస్థ వార్షిక లెక్కలొచ్చినా నిధుల షెడ్యూలు తెరవండి. ప్రతి నిధికీ తొలి నిల్వ, వచ్చింది, ఖర్చు, బదిలీ, తుది నిల్వ ఉంటాయి. అందరూ తుది నిల్వ చూస్తారు. మీరు బదిలీ గడి దగ్గర ఆగండి. సాధారణ నిధి నుంచి షరతు నిధికి పోయిన బదిలీ మామూలుదే: దాత డబ్బు చాలక సంస్థ సొంత డబ్బు వేసింది. షరతు నిధి నుంచి సాధారణ నిధికి వచ్చిన బదిలీ అయితే, దాత అనుమతి ఉత్తరం ఏదని అడగండి. ముందే ఒప్పుకున్న ఖర్చుల వాటా అయితే అది బదిలీ గడిలో కాదు, ఖర్చు గడిలో ఉండాలి. మార్చి 31 తేదీతో గుండ్రని అంకె, అంటే సరిగ్గా రెండు లక్షలో మూడు లక్షలో, వివరణ లేకుండా ఇటు దాటి ఉంటే ఆ ఏడాది సాధారణ నిధి ఎక్కడో మైనస్‌లోకి వెళ్లిందేమోనని అనుమానించండి. నెలవారీ నిధుల పట్టిక తెప్పించుకుని చూస్తే అది ఏ నెలలో మొదలైందో కూడా తెలుస్తుంది.